నోట్స్‌లో రుబాటో అని కనపడితే టైంతో ఏం చేయాలి: ఎడమ చెయ్యి నుంచి మొదలుపెట్టండి

"సార్, ఇక్కడ రుబాటో అని ఉంది, అంటే స్లోగా వాయించాలా?" హన్మకొండలో సాయంత్రాలు పియానో, కీబోర్డ్ నేర్పుతున్నప్పటి నుంచి నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. గ్రేడ్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు అడుగుతారు, వాళ్ల అమ్మానాన్నలు అడుగుతారు, చర్చిలో ఆదివారం కీబోర్డ్ వాయించే కుర్రాళ్లు అడుగుతారు. కాదు, స్లో చేయమని కాదు. స్లో చేయమని చెప్పాలంటే రాసినవాళ్లకి రిటార్డాండో, రల్లెంటాండో అనే మాటలు ఉన్నాయి, అవి రాసేవాళ్లు. రుబాటో అడిగేది వేరే పని. దాన్ని ఎలా సాధన చేయాలో, చేశాక సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మాట సంగతి రెండు ముక్కల్లో. రుబాటో ఇటాలియన్ మాట, దొంగిలించినది అని అర్థం. పూర్తి పేరు టెంపో రుబాటో, అంటే దొంగిలించిన కాలం. ఒక స్వరం దగ్గర కొంచెం కాలం ఎక్కువ తీసుకుంటాం, పక్క స్వరాల్లోంచి ఆ మేరకు తగ్గిస్తాం. నాకైతే దొంగతనం కంటే చేబదులు అనే మాట దీనికి బాగా అతుకుతుందనిపిస్తుంది, ఎందుకంటే తీసుకున్నది ఎక్కడో దగ్గర, అదీ తొందరలోనే, తిరిగి ఇవ్వాలి.

ఇది చేతికి ఎలా తగలాలో తెలియాలంటే బతుకమ్మ ఆట గుర్తు తెచ్చుకోండి. ఎంగిలిపూల రోజు వేయిస్తంభాల గుడి దగ్గర ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడుతుంటారు, చప్పట్ల నడక మారదు, అంతమంది కాళ్లు దాని మీదే పడుతుంటాయి. కానీ పాట చెప్పే పెద్దావిడ గొంతు వినండి. ఒక మాటను సాగదీస్తుంది, తర్వాతి రెండు మాటలు గబగబా అనేస్తుంది, చప్పట్టు కంటే కొంచెం వెనక పడుతుంది, చివరికి "ఉయ్యాలో" దగ్గరికి వచ్చేసరికి చప్పట్లతో సరిగ్గా కలుస్తుంది. ఆమె కోసం ఎవరూ చప్పట్లు ఆపరు. పియానో మీద మీ ఎడమ చెయ్యి ఆ చప్పట్లు, కుడి చెయ్యి ఆ పెద్దావిడ గొంతు. మొదట నేర్చుకోవాల్సిన రుబాటో ఇదే.

ఇది నేను కొత్తగా చెబుతున్నది కాదు. 1723లో టోసి అనే ఇటాలియన్ గాయకుడు పాట గురించి రాసిన పుస్తకంలో, కింద బాస్ స్థిరంగా నడుస్తుంటే పైన గొంతు కాలం దొంగిలించి తిరిగి ఇవ్వడం గురించి చెప్పాడు. మొజార్ట్ 1777లో తండ్రికి రాసిన ఉత్తరంలో, తాను నిదానమైన పాటలో రుబాటో చేస్తుంటే ఎడమ చేతికి దాని సంగతే తెలియకుండా నడుస్తుందని, అది చూసి జనం నమ్మలేకపోతున్నారని రాశాడు. షోపెన్ కూడా తన శిష్యులకు ఎడమ చెయ్యి వాద్యబృందాన్ని నడిపించే మనిషి లాంటిదని, అది తొణకకూడదని చెప్పేవాడు.

తర్వాత తర్వాత ఇంకో రకం ఎక్కువైంది. రెండు చేతులూ కలిసే ముందుకు కదులుతాయి, కలిసే వెనక్కి తగ్గుతాయి. ఇప్పుడు మనం వినే రికార్డుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. ఇది మొదటిదాని కంటే తేలికగా కనపడుతుంది, అందుకే అందరూ ముందు ఇందులోకే దూకి లయ పోగొట్టుకుంటారు. అందుకని నేను ఎప్పుడూ మొదటి రకమే ముందు నేర్పుతాను.

కావలసినవి

పియానో గానీ, 61 కీల కీబోర్డ్ గానీ. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్, రికార్డు చేయడానికి ఇంకో ఫోనుంటే మంచిది, లేకపోతే అదే సరిపోతుంది. ఒక పెన్సిల్. ఇంట్లో ఒక మనిషి, సంగీతం రాకపోయినా పర్వాలేదు, చప్పట్లు కొట్టగలిగితే చాలు. సస్టెయిన్ పెడల్ ఉంటే పక్కన పెట్టండి, మొదటి వారం దాన్ని తొక్కొద్దు, ఎందుకంటే పెడల్ కింద తప్పులన్నీ కలిసిపోయి వినపడవు.

కీబోర్డ్‌లో స్టైల్ వేసుకుని వాయించే అలవాటున్నవాళ్లకు ఒక మాట. మొదటి రకం సాధనకు స్టైల్ పనికొస్తుంది, ఎవరి కోసమూ ఆగదు కాబట్టి. రెండో రకానికి మాత్రం స్టైల్ పూర్తిగా ఆపేయాలి, లేకపోతే మీరు ఒక దారి, అది ఒక దారి.

1. ముందు ఆ మాట ఎంత దూరం పనిచేస్తుందో చూడండి

నోట్స్‌లో రుబాటో ఎక్కడ రాసుందో వేలు పెట్టి చూడండి. పాట పైన, వేగం చెప్పే మాట పక్కనే ఉంటే అది మొత్తం పాటకో, ఆ భాగం మొత్తానికో వర్తిస్తుంది. షోపెన్ జి మైనర్ నాక్టర్న్, ఓపస్ 15 నంబర్ 3లో అలాగే మొదట్లోనే "లాంగ్విడో ఎ రుబాటో" అని ఉంటుంది. మధ్యలో ఒక బార్ మీద రాసుంటే ఆ వాక్యం వరకే, అంటే గొంతుతో పాడితే ఊపిరి తీసుకునే చోటు వరకే. తర్వాత "ఎ టెంపో" అని కనపడితే అక్కడికి ఖచ్చితంగా అయిపోయినట్టు. ముందు "పోకో" అని ఉంటే కొంచెమే అని. ఆ హద్దులు రెండూ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. చాలామంది రుబాటో అనే మాట చూడగానే పేజీ చివరి దాకా ఊగుతూనే ఉంటారు, హద్దు గీసుకోకపోవడమే దానికి కారణం.

2. ఏ రకమో ఎడమ చేతి నోట్స్ చూసి తేల్చుకోండి

ఎడమ చేతిలో ఒకే తీరున నడిచే చిన్న స్వరాలు, లేదా బీట్‌కొకటి చొప్పున కార్డ్స్ ఉన్నాయా? అయితే మొదటి రకానికి చోటుంది, చప్పట్లు ఉన్నట్టే. ఎడమ చేతిలో బార్ అంతా పట్టుకుని ఉంచే పెద్ద కార్డ్ ఒక్కటే ఉంటే, అక్కడ నడవడానికి చప్పట్లే లేవు, అది రెండో రకం.

ఇందులోనే ఒక ప్రత్యేకమైన సంగతి ఉంది. బార్టోక్ 1908లో రాసిన "ట్రాన్సిల్వేనియాలో సాయంత్రం" అనే చిన్న పాట మన పిల్లలు కూడా వాయిస్తుంటారు. అందులో నిదానం భాగం మీద "లెంటో, రుబాటో" అని, వేగం భాగం మీద "వీవో, నాన్ రుబాటో" అని ఉంటుంది. ఇక్కడ రుబాటో అంటే మాట్లాడినట్టు వాయించమని, పల్లెజనం పాడే పాటలో మాటల నడక ఎలా ఉంటుందో అలా. షోపెన్ రుబాటోని తెచ్చి ఇక్కడ పెడితే అతకదు. నాన్ రుబాటో అన్నచోట మాత్రం మెట్రోనోమ్ లాగే ఉండాలి, ఆ రెండింటి మధ్య తేడా వినపడటమే ఆ పాట అసలు రుచి.

3. ఎడమ చెయ్యి ఒక్కటే, నడక కదలకుండా

ఇప్పుడు సాధనకు నాలుగు బార్ల చిన్న ముక్క ఒకటి ఇస్తాను, నా విద్యార్థుల కోసం నేనే రాసుకున్నది. సి మేజర్, బార్‌కు నాలుగు బీట్లు. సరిగమలు తెలిసినవాళ్లు శంకరాభరణం అనుకోండి, సి అంటే స.

ఎడమ చెయ్యి: ఒకటి, రెండు, నాలుగు బార్లలో సి జి ఇ జి, సి జి ఇ జి, అంటే స ప గ ప, స ప గ ప. మూడో బార్‌లో జి డి బి డి రెండుసార్లు, అందులో జి కింది సి కంటే ఇంకా కింద ఉన్నది. ఒక్కో బీట్‌కు రెండు స్వరాలు.

కుడి చెయ్యి:
మొదటి బార్: జి రెండు బీట్లు, ఎ ఒకటి, జి ఒకటి.
రెండో బార్: ఇ మూడు బీట్లు, డి ఒకటి.
మూడో బార్: ఎఫ్, ఇ, డి, బి, ఒక్కొక్కటి ఒక బీట్. బి మాత్రం సి కి కింద ఉన్నది.
నాలుగో బార్: సి నాలుగు బీట్లు.

మెట్రోనోమ్ 60లో పెట్టండి, అంటే బీట్ ఒక సెకను. నాలుగు బార్లు కలిపి 16 సెకన్లు. ఎడమ చెయ్యి ఒక్కటే పదిసార్లు వాయించండి. తర్వాత మెట్రోనోమ్‌ని 30కి మార్చండి, ఇప్పుడు క్లిక్ ఒకటో బీట్‌కి, మూడో బీట్‌కి మాత్రమే వస్తుంది. అది కుదిరాక, మీ యాప్‌లో బార్ మొదటి బీట్ ఒక్కటే వినపడేలా పెట్టుకునే వీలుంటే అలా పెట్టండి. క్లిక్ తగ్గేకొద్దీ నడక బాధ్యత మీ చేతి మీద పడుతుంది, మీరు జారితే తర్వాతి క్లిక్ వెంటనే చెప్పేస్తుంది. ఇది రెండు మూడు రోజుల పని. విసుగ్గా ఉంటుంది, కానీ ఇది దాటవేసినవాళ్లలో ఎవరికీ రుబాటో కుదరగా నేను చూడలేదు.

4. ఎడమ చెయ్యి వాయిస్తూ నోటితో పాడండి

కుడి చెయ్యి ఇంకా వద్దు. ఎడమ చెయ్యి నడుస్తుంటే పై వరసను లా లా అని పాడండి, లేదా సరిగమల్లో పాడండి. ముందు నోట్స్‌లో ఉన్నట్టు సమానంగా. తర్వాత మొదటి బార్‌లో ఎ దగ్గర మీకు ఇష్టమైనంత ఆగి, కిందకు దిగి, రెండో బార్ మొదటి బీట్‌కు ఇ మీద ఎడమ చేతితో కలవండి. గొంతుకి ఇది తొందరగా తెలుస్తుంది, వేళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది, అందుకే ఈ అడుగు. సంగీతం క్లాసులో తాళం వేస్తూ పాడిన అలవాటు ఉంటే మీకు ఇంకా తేలిక, చేతి తాళం కాలప్రమాణం వదలకుండా ఉంటుంది, గొంతు దాని చుట్టూ తిరుగుతుంది. తాళం లేని ఆలాపన అనుకుంటే మాత్రం దారి తప్పినట్టే, ఇక్కడ కింద తాళం నడుస్తూనే ఉంది.

5. ఒక్క చోట మాత్రమే చేబదులు తీసుకోండి

ఇప్పుడు కుడి చెయ్యి. మొదటి బార్‌లో ఎ మూడో బీట్‌కి టైంకే రావాలి. దాన్ని ఒక సెకను కాకుండా 1.3 సెకన్ల దాకా ఉంచండి. తర్వాతి జి కి 0.7 సెకన్లు మిగులుతాయి. రెండో బార్ ఇ సరిగ్గా ఎడమ చేతి సి తోనే పడాలి. ఈ అంకెలు చూసి వాయించడానికి కాదు, తేడా ఎంత చిన్నదో తెలియడానికి రాశాను. ఎడమ చేతి లెక్కలో చెప్పాలంటే, నాలుగో బీట్ మీద పడాల్సిన మీ జి, ఆ బీట్‌లోని రెండు ఎడమ చేతి స్వరాల మధ్య పడుతుంది, అంతే.

ఎ నే ఎందుకు ఎంచుకున్నాను? ఆ వాక్యంలో అన్నిటికన్నా పైనున్న స్వరం అదే, పాడితే గొంతు అక్కడికి ఎక్కి దిగుతుంది. మీ పాటలో చోటు వెతుక్కునేటప్పుడు కూడా ఇలాగే చూడండి: వాక్యంలో పై స్వరం, లేదా కార్డ్‌కి చెందకుండా పక్క స్వరం మీదకు జారే స్వరం, లేదా ఒక స్వరం నుంచి దూరంగా ఉన్న ఇంకో స్వరానికి దూకే చోటు. నాలుగు బార్లకు ఒక చోటు చాలు. రెండు చోట్ల తీసుకుంటే మొదటిది ఎందుకు తీసుకున్నారో వినేవాళ్లకి గుర్తుండదు.

6. ఆలస్యంగా మొదలుపెట్టి మెల్లగా తీర్చడం

ఇది కొంచెం కష్టం, కానీ పట్టుబడితే అసలు రుచి ఇక్కడే తెలుస్తుంది. మూడో బార్ మొదటి బీట్‌కి ఎడమ చేతి జి టైంకి పడుతుంది. కుడి చేతి ఎఫ్ మాత్రం దానితో పడదు, 0.3 సెకన్లు ఆగి పడుతుంది. ఇప్పుడు ఈ అప్పు ఒకేసారి తీర్చేయకండి. తర్వాతి ఇ ని 0.9 సెకన్లకు వాయిస్తే అది బీట్ కంటే 0.2 వెనక ఉంటుంది, ఇంకో 0.9కి డి వాయిస్తే 0.1 వెనక, ఇంకో 0.9కి బి వాయిస్తే సరిగ్గా నాలుగో బీట్ మీద ఎడమ చేతితో కలుస్తారు. ఒక్కో స్వరంలో పదో వంతు తగ్గించారు, ఎవరికీ తొందరపడ్డట్టు వినపడదు, కానీ వరస ఎడమ చేతి వైపు వాలుతూ వచ్చి అతుక్కుంటుంది. నాలుగో బార్ సి రెండు చేతుల్లో ఒక్కసారే పడాలి.

ఇది చేయబోతే మొదట్లో ఏమవుతుందంటే, ఎఫ్ ఆలస్యం చేయగానే ఎడమ చెయ్యి కూడా జాలిపడి ఆగిపోతుంది. పోయినేడు ఒక ఇంటర్ అమ్మాయికి మూడు వారాలు ఇదే జరిగింది, కుడి చెయ్యి ఎప్పుడు ఆగితే ఎడమ చెయ్యి అప్పుడు ఆగేది. చివరికి ఆమె ఎడమ చేతి వరస నేను వాయించి, ఆమె కుడి చెయ్యి మాత్రమే వాయించింది. నేను ఆగను అని తెలిశాక రెండో రోజుకే ఆలస్యంగా వచ్చి కలవడం వచ్చేసింది. పక్కన వాయించేవాళ్లు లేకపోతే, కీబోర్డ్‌లో పాట రికార్డు చేసే సదుపాయం ఉంటే ఎడమ చేతి వరస ముందు అందులో రికార్డు చేసుకుని, దాని మీద కుడి చెయ్యి వాయించండి. అదీ లేకపోతే ఫోన్‌లో రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌లో వింటూ వాయించండి. నాలుగైదు రోజుల తర్వాత రెండు చేతులూ మీరే వాయించడానికి ప్రయత్నించండి.

7. రెండో రకం: రెండు చేతులూ కలిసి

మొదటిది కుదిరాకే ఇటు రండి. అదే నాలుగు బార్లు, మెట్రోనోమ్ ఆపేయండి. మొదటి బార్ 60లో, రెండో బార్ కొంచెం ముందుకు, అంటే దాదాపు 64లో, మూడో బార్ బరువుగా, 54 దగ్గర, నాలుగో బార్ మళ్లీ 60. సెకన్లలో చూస్తే 4, 3.75, 4.4, 4, మొత్తం 16కి కొంచెం పైన. తీసుకున్నదీ ఇచ్చిందీ పైసాతో సహా సరిపోవాలా అని అడుగుతారు. ఈ రకంలో అక్కర్లేదు. గొప్ప పియానిస్టు పాడెరెవ్‌స్కీ కూడా ఈ తిరిగి ఇచ్చే లెక్కను ఒప్పుకోలేదు, పోయిన కాలం పోయినట్టే అన్నాడు. నా అనుభవంలో మాత్రం నేర్చుకునేవాళ్లు లెక్క దగ్గర దగ్గరగా పెట్టుకుంటేనే మంచిది, ఎందుకంటే లెక్క వదిలేసిన పిల్లలు ఎప్పుడూ నెమ్మది వైపే జారతారు, ముందుకు కదలడం అసలు చేయరు. అందుకే ఈ అడుగులో ముందు ముందుకు కదలడం, తర్వాత తగ్గడం అనే వరస పెట్టాను. దాచుకున్నాక ఖర్చుపెట్టినట్టు.

మార్పు బార్ గీత దగ్గర టక్కున జరగకూడదు. 64కి మెల్లగా చేరాలి, మెల్లగా దిగాలి. ఎడమ చేతిలోని చిన్న స్వరాలు వినండి, వాటి మధ్య దూరం కొద్దికొద్దిగా పెరిగితే సాఫీగా ఉన్నట్టు. ఒక్క స్వరం దగ్గర గుంతలో పడ్డట్టు ఆగితే అది రుబాటో కాదు, అక్కడ వేలు ఏదో తడబడింది.

8. పెడల్ ఇప్పుడు

అన్నీ కుదిరాక పెడల్ వేయండి. మొదటి రకంలో పెడల్ ఎడమ చేతి బాస్ స్వరంతో మారుతుంది, కుడి చేతితో కాదు. ఆలస్యంగా వచ్చిన ఎఫ్ తో పాటు పెడల్ మార్చితే, అప్పటికే పడిన జి బాస్ తెగిపోయి కింద ఖాళీ వినపడుతుంది. ఇది చాలామందికి తెలియక, నా కీబోర్డ్‌లో సౌండ్ బాగాలేదు అనుకుంటారు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

ఫోన్‌లో రికార్డు చేయండి, వెంటనే వినొద్దు, మరుసటి రోజు వినండి. అప్పుడే వాయించిన చేతికి అంతా బాగానే అనిపిస్తుంది.

మొదటి రకానికి పరీక్ష ఒకటే. రికార్డు పెట్టి ఇంట్లో అమ్మనో తమ్ముణ్ణో కింది స్వరాలకు చప్పట్లు కొట్టమనండి. సంగీతం రానివాళ్లయితే ఇంకా మంచిది. వాళ్ల చప్పట్టు ఎక్కడా ఆగకుండా చివరి దాకా నడిస్తే మీ ఎడమ చెయ్యి నిలబడ్డట్టు. ఎక్కడైనా చెయ్యి గాల్లో ఆగి మీ కోసం ఎదురుచూసిందా, ఆ బార్ నంబర్ రాసుకుని మూడో అడుగుకు వెళ్లండి.

ఇంకోటి, చివరి బార్ పరీక్ష. మెట్రోనోమ్‌తో మొదలుపెట్టి నాలుగు బీట్లు విని ఆపేయండి, మొత్తం వాయించండి, చివరి బార్ రాగానే ఇంకొకరు మెట్రోనోమ్ మళ్లీ వేయాలి. మీరు 60లో ఉన్నారా, 52లో ఉన్నారా తెలిసిపోతుంది. రుబాటో అయ్యాక పాట మొదటి నడకకు తిరిగి రావాలి. రాకపోతే మీరు కాలం దొంగిలించలేదు, పాటను మెల్లగా చేసేశారు.

మూడోది కొంచెం సూక్ష్మం. మీ రికార్డు విని ఎవరైనా నోట్స్ రాస్తే ఏం రాస్తారు? మొదటి బార్ చివరలో ఎ, జి రెండూ ఒక్కో బీట్ అనే రాస్తే బాగుంది. ఎ ఒకటిన్నర, జి అర అని రాసేలా వినపడితే మీరు కొత్త లయ తయారు చేశారు, పాట మారిపోయింది. 1.3 దగ్గర ఆగమన్నది అందుకే, 1.5 అయితే అది లెక్కగా కూర్చునే తాళం ముక్క అయిపోతుంది.

ఎక్కువగా చూసే తప్పులు

కష్టమైన చోట మెల్లగా వాయించి రుబాటో అనడం. ఇది పరీక్ష తీసుకునేవాళ్లకు వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ఆగిన చోట పాటలో ఆగాల్సిన కారణం ఏమీ ఉండదు, వేలు మార్చాల్సిన కారణం మాత్రమే ఉంటుంది. మీకు అనుమానంగా ఉంటే ఆ ముక్కను రుబాటో లేకుండా మెట్రోనోమ్‌తో వాయించి చూడండి. సమానంగా వాయించలేని చోట రుబాటో చేసే హక్కు ఇంకా రాలేదని నేను పిల్లలకు గట్టిగానే చెబుతాను.

ప్రతి బార్‌లో ఒకే చోట ఆగడం. ప్రతి మూడో బీట్ దగ్గర సాగదీస్తే రెండో బార్‌కే వినేవాళ్లు దాన్ని ముందే ఊహిస్తారు, కుంటి నడకలా ఉంటుంది.

రెండు చేతులూ ఎప్పుడూ విడివిడిగా పడటం. ఆలస్యం నేర్చుకున్నాక ఉత్సాహంలో ప్రతి బార్ మొదట్లో ఎడమ చెయ్యి ముందు, కుడి చెయ్యి తర్వాత అయిపోతుంది. పాత కాలపు రికార్డుల్లో గొప్పవాళ్లే అలా వాయించినవి ఉన్నాయి, విని నేర్చుకోండి, కానీ ఇప్పుడు గ్రేడ్ పరీక్షలో అది చేతులు కలవనట్టుగానే అనుకుంటారు. నాలుగు బార్లలో ఒక్కసారి చాలు.

ఆగిన ప్రతిచోటా గట్టిగా నొక్కడం. కాలం ఎక్కువ ఇచ్చిన స్వరానికి బలం కూడా ఎక్కువ ఇస్తే రెండుసార్లు చెప్పినట్టు అవుతుంది. ఎ ని ఆపుతూ మెత్తగా వాయించి చూడండి, ఎక్కువసార్లు అదే బాగుంటుంది.

ఇంకొకరితో వాయించేటప్పుడు

చర్చిలో పాటకు, స్కూలు ప్రోగ్రాంలో పాడేవాళ్లకు వెనక కీబోర్డ్ వాయించేవాళ్లు తరచూ అడుగుతారు, పాడే మనిషి సాగదీస్తే నేను ఆగాలా అని. మొజార్ట్ తండ్రి లియొపోల్డ్ 1756లో రాసిన వయొలిన్ పుస్తకంలోనే దీనికి జవాబుంది. మంచి వాద్యకారుడు కాలం దొంగిలిస్తున్నప్పుడు వెనక వాయించేవాడు ఆగి అతని కోసం కాచుకుంటే ఆ పని చెడిపోతుందని చెప్పాడు. అంటే పాడే మనిషికి నడక గట్టిగా తెలిసి, కావాలని వెనకపడి మళ్లీ కలుస్తుంటే మీరు చప్పట్లలా నడుస్తూనే ఉండండి. పాడే మనిషి ఊపిరి చాలకో, మాట మర్చిపోయో ఆగితే అది వేరు, అప్పుడు ఆగి అందుకోండి. రెండింటి తేడా రిహార్సల్‌లోనే తేల్చుకోవాలి, మీరు ఆగకుండా ఒకసారి వాయించి చూడండి, వాక్యం చివర ఆమె వచ్చి మీతో కలిసిందంటే ఆమె చేసింది రుబాటోనే.